భయానికి ధర కట్టే సూచీ

2024 మే నెలలో మన స్టాక్ మార్కెట్‌ను గమనించినవాళ్లకు ఒక వింత కనిపించి ఉంటుంది. నిఫ్టీ నెల మధ్యలో కాస్త తగ్గినా మళ్లీ లేచి, నెలాఖరుకు మొదటిసారి 23,000 మార్కును తాకింది. మామూలు లెక్కన మదుపరులు నిశ్చింతగా ఉండాల్సిన సమయం అది. కానీ ‘భయసూచీ’గా పేరుపడ్డ ఇండియా విక్స్ మాత్రం ఏప్రిల్ చివర్లో ఉన్న 10, 11 స్థాయి నుంచి పాకుతూ మే చివరికి 24 దాటింది. జూన్ 4న లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఓట్ల లెక్కింపు జరిగిందీ ఆ రోజే. నిఫ్టీ ఆ ఒక్కరోజే దాదాపు 6 శాతం పడిపోయింది. విక్స్ ఒక దశలో 31 దాటి, చివరికి 27కు కాస్త దిగువన నిలిచింది. మర్నాడు ఏకంగా 19 కిందికి దిగిపోయింది.

సూచీ పెరుగుతున్నప్పుడు భయం ఎలా పెరిగింది? అంత పెద్ద పతనం జరిగిన మర్నాడే భయం ఎలా ఆవిరైంది? విక్స్‌ను ఎవరో మదుపరులను అడిగి తయారుచేస్తారనుకుంటే ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు. అందులో ఎవరి అభిప్రాయమూ ఉండదు. గతంలో మార్కెట్ ఎంత ఊగిందన్న లెక్క కూడా ఉండదు. ఉండేవి ఆప్షన్ల ధరలు మాత్రమే. ఆ ధరలను ఒక్క అంకెగా ఎలా మలుస్తారో చూస్తే, ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో తేలిపోతుంది.

అసలు సరుకు: ఆప్షన్ ప్రీమియం

ఒక నిర్ణీత తేదీన, ఒక నిర్ణీత ధర దగ్గర నిఫ్టీని అమ్మే హక్కు పుట్ ఆప్షన్. కొనే హక్కు కాల్ ఆప్షన్. ఆ నిర్ణీత ధరను స్ట్రైక్ అంటారు, ఆ తేదీని ఎక్స్‌పైరీ అంటారు. హక్కు కోసం ముందుగా చెల్లించే సొమ్ము ప్రీమియం. నిఫ్టీ 24,000 దగ్గర ఉన్నప్పుడు 23,000 స్ట్రైక్ పుట్ కొన్నవాడికి, ఎక్స్‌పైరీ నాటికి నిఫ్టీ 22,400కు పడితే 600 పాయింట్లు వస్తాయి. పడకపోతే కట్టిన ప్రీమియం పోతుంది, అంతే.

పుట్ కొనడమంటే పడవకు బీమా చేయించినట్టే. సముద్రం ప్రశాంతంగా ఉన్న రోజుల్లో ప్రీమియం తక్కువ. తుపాను హెచ్చరిక వెలువడ్డాక అదే పడవకు, అదే మొత్తానికి ఎక్కువ అడుగుతారు. గాలి ఇంకా వీయలేదు, పడవ రేవులోనే ఉంది, అయినా ధర మారింది. మార్కెట్లో కూడా ముందు కదిలేది ఈ ప్రీమియమే.

ప్రీమియం నిర్ణయించే అంశాల్లో చాలావరకు అందరికీ తెలిసినవే: సూచీ ఎక్కడుంది, స్ట్రైక్ ఎంత, గడువు ఎన్ని రోజులు, వడ్డీ రేటెంత. తెలియనిది ఒక్కటే, గడువులోగా సూచీ ఎంత ఊగుతుందన్నది. కాబట్టి మార్కెట్లో పలికిన ప్రీమియం నుంచి వెనక్కి లెక్క కడితే, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కలిసి ఎంత ఊగిసలాటకు ధర కట్టారో బయటపడుతుంది. దీన్నే ఇంప్లైడ్ వొలటాలిటీ అంటారు.

ఇలాంటి సూచీ ఉండాలన్న ప్రతిపాదనను 1989లో మెనాకెమ్ బ్రెనర్, డాన్ గలాయ్ అనే ఇద్దరు ఆచార్యులు ప్రచురించారు. అమెరికాలోని షికాగో ఆప్షన్స్ ఎక్స్ఛేంజ్, అంటే సీబో, 1993లో విక్స్‌ను మొదలుపెట్టింది. దాన్ని రూపొందించినవారు రాబర్ట్ వేలీ. అప్పట్లో అది ఎస్ అండ్ పీ 100 సూచీ మీది ఎనిమిది ఆప్షన్లతోనే తయారయ్యేది. అవన్నీ సూచీకి దగ్గరి స్ట్రైకులవే. 2003లో గోల్డ్‌మన్ శాక్స్‌తో కలిసి లెక్కను మార్చారు. ఎస్ అండ్ పీ 500 ఆప్షన్లను తీసుకుని, దగ్గరివీ దూరపువీ అన్ని స్ట్రైకులనూ ఒకే వరుసలో కలపడం మొదలైంది. మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2008లో ఇదే పద్ధతిని నిఫ్టీ ఆప్షన్లకు వర్తింపజేసి ఇండియా విక్స్‌ను తెచ్చింది.

ఒక లెక్క చేసి చూద్దాం

అర్థం కావడానికి చిన్న ఊహాత్మక లెక్క వేసుకుందాం. ఎక్స్‌పైరీకి సరిగ్గా 30 రోజులుంది. ఆ ఎక్స్‌పైరీ నిఫ్టీ ఫ్యూచర్స్ ధర 24,000. నిజానికి నిఫ్టీ స్ట్రైకులు 50 పాయింట్లకు ఒకటి ఉంటాయి. మనం 500కు ఒకటి చొప్పున తీసుకుందాం.

మొదటి పని, వరుసకు మధ్యబిందువును పట్టుకోవడం. ఇండియా విక్స్ దీనికి ఫ్యూచర్స్ ధరను వాడుతుంది. షికాగోలో ఏ స్ట్రైక్ దగ్గర కాల్, పుట్ ధరలు అన్నిటికంటే దగ్గరగా ఉన్నాయో చూసి దాన్నుంచి రాబడతారు. మన లెక్కలో అది 24,000.

రెండో పని, ఆప్షన్లను ఎంచుకోవడం. 24,000 కంటే కిందున్న స్ట్రైకులకు పుట్‌లు, పైనున్న వాటికి కాల్‌లు మాత్రమే తీసుకుంటారు. సరిగ్గా మధ్యలో ఉన్నదానికి రెండింటి సగటు. 25,000 స్ట్రైక్ పుట్ ధరలో ఇప్పటికే ఖాయమైన వెయ్యి పాయింట్ల విలువ కలిసిపోయి ఉంటుంది. దానికి ఊగిసలాటతో సంబంధం లేదు. కిందున్న పుట్‌లు, పైనున్న కాల్‌ల ధర మొత్తం ‘ఏమైనా జరగొచ్చు’ అన్న అవకాశానికి కట్టిన ధరే. అందుకే వాటికి పరిమితమవుతారు.

మూడో పని, ఒక్కో దాని ధర రాసుకోవడం. చివరిగా జరిగిన లావాదేవీ ధర కాదు, కొనేవాడు చెప్పిన బిడ్‌కూ అమ్మేవాడు చెప్పిన ఆస్క్‌కూ నడిమి అంకె. మన లెక్కలో పుట్‌ల ధరలు ఇలా ఉన్నాయనుకుందాం: 23,500కు 230 రూపాయలు, 23,000కు 120, 22,500కు 60, 22,000కు 30, 21,500కు 14, 21,000కు 6. మధ్యలో 24,000కు 410. కాల్‌ల ధరలు: 24,500కు 195, 25,000కు 75, 25,500కు 25, 26,000కు 7, 26,500కు 2.

ఈ అంకెల్లోనే ఒక విషయం ఉంది. వెయ్యి పాయింట్ల కిందున్న పుట్ 120 పలుకుతుంటే, అంతే దూరం పైనున్న కాల్ 75 మాత్రమే పలుకుతోంది. రెండు వేల పాయింట్ల దూరంలో తేడా ఇంకా ఎక్కువ, 30కి 7. అసలు మార్కెట్లలో కూడా మామూలుగా ఇలాగే ఉంటుంది. షేర్లు చేతిలో ఉన్నవాళ్లే ఎక్కువ, వాళ్లకు కావలసింది పతనం నుంచి రక్షణ. పైగా మార్కెట్లు మెట్లెక్కినట్టు పెరిగి, జారిపడ్డట్టు పడతాయని అనుభవం చెబుతుంది.

నాలుగో పని, తూకం వేయడం. ప్రతి ధరనూ పక్క స్ట్రైకుల మధ్య దూరంతో, అంటే 500తో గుణించి, ఆ స్ట్రైక్ వర్గంతో భాగిస్తారు. వర్గంతో ఎందుకు? ఒక్కో ఆప్షన్ ఊగిసలాటకు బాగా స్పందించేది సూచీ తన స్ట్రైక్‌కు దగ్గరగా ఉన్నప్పుడే. పెద్ద స్ట్రైక్ ఉన్న ఆప్షన్ స్పందన కూడా ఆ మేరకు పెద్దది. అన్నిటినీ ఊరికే కూడితే పై స్ట్రైకులదే పైచేయి అవుతుంది. వర్గంతో భాగించి కలిపితే, సూచీ ఎటు వెళ్లినా మొత్తం వరుస ఊగిసలాటకు ఒకేలా స్పందిస్తుంది. దాంతో మిగిలేది దిక్కుతో సంబంధం లేని శుద్ధమైన ఊగిసలాట ధర. 2003 మార్పులోని కీలకం ఇదే.

ఐదో పని కూడిక. మన ధరలతో లెక్కిస్తే, మధ్యలోని 24,000 వాటా లక్షలో 35.6 వంతులు. దాని కింది పుట్‌లన్నిటి వాటా 43.4. పైనున్న కాల్‌లన్నిటి వాటా 24.8. మొత్తం లక్షలో 103.8 వంతులు. దీన్ని ఏడాది కొలతకు మార్చడానికి, 2ను గడువుతో (ఏడాదిలో 365వ వంతులు 30) భాగిస్తే వచ్చే 24.33తో గుణిస్తాం. 0.02526 వస్తుంది. దాని వర్గమూలం 0.159. వందతో గుణిస్తే 15.9. మన విక్స్ అదే. మొత్తం లెక్కను ఒక్క వరుసలో రాస్తే ఇలా ఉంటుంది:

```
VIX = 100 × √[ (2/T) × Σ (ΔK / K²) × Q(K) ]
```

ఇక్కడ T గడువు, K స్ట్రైక్, ΔK స్ట్రైకుల మధ్య దూరం, Q ఆప్షన్ ధర. అసలు సూత్రంలో వడ్డీ కోసం ఒక గుణకం, ఫ్యూచర్స్ ధర సరిగ్గా ఒక స్ట్రైక్ మీద లేనప్పుడు చేసే చిన్న సవరణ కూడా ఉంటాయి. సరిగ్గా 30 రోజుల ఎక్స్‌పైరీ రోజూ దొరకదు కాబట్టి, రెండు ఎక్స్‌పైరీలకు విడివిడిగా లెక్కకట్టి, గడువులను బట్టి కలిపి 30 రోజులకు సరిచేస్తారు. ట్రేడింగ్ జరుగుతున్నంతసేపూ కంప్యూటర్లు ఈ పనినే మళ్లీమళ్లీ చేస్తూ ఉంటాయి.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. నిఫ్టీ కదలలేదు, కాల్‌ల ధరలు మారలేదు. కానీ పెద్ద పతనం రావచ్చని కొందరు దూరపు పుట్‌లు కొనడం మొదలుపెట్టారు. 23,000 పుట్ 120 నుంచి 170కి, 22,500ది 60 నుంచి 100కి, 22,000ది 30 నుంచి 60కి, 21,500ది 14 నుంచి 35కి, 21,000ది 6 నుంచి 20కి చేరాయి. లెక్క మళ్లీ వేస్తే విక్స్ 17.0. సూచీ ఒక్క పాయింటు కదలకుండానే భయసూచీ పెరిగింది.

15.9 అంటే ఏమిటి?

ఈ అంకె ఏడాది కొలతలో ఉన్న శాతం. నెలకు మార్చాలంటే 12 వర్గమూలంతో, అంటే సుమారు 3.5తో భాగించాలి. 4.6 శాతం వస్తుంది. 24,000 మీద అది దాదాపు 1,100 పాయింట్లు. రాబోయే నెలలో నిఫ్టీ అటో ఇటో ఇంత మేరకు కదలడం మామూలేనన్నట్టుగా ఆప్షన్లు ధర పలుకుతున్నాయని అర్థం. రోజు లెక్క కావాలంటే 16తో భాగిస్తే చాలు. విక్స్ 16 అంటే రోజుకు సుమారు 1 శాతం కదలిక, 32 అంటే 2 శాతం.

‘అటో ఇటో’ అన్న మాటను మర్చిపోకూడదు. విక్స్ పెరిగితే మార్కెట్ పడుతుందని జోస్యం చెప్పినట్టు కాదు. మార్కెట్ పడుతున్నప్పుడే జనం బీమాకు ఎగబడతారు కాబట్టి రెండూ సాధారణంగా ఎదురెదురుగా నడుస్తాయి, అంతవరకే. పైగా ఈ అంకెలో అమ్మేవాళ్ల ప్రతిఫలం కూడా కలిసి ఉంటుంది. ఇతరుల నష్టాన్ని నెత్తిన వేసుకునేవాడు ఊరికే వేసుకోడు. అందుకే దీర్ఘకాలంలో చూస్తే, తరవాత నిజంగా జరిగిన ఊగిసలాట కంటే విక్స్ చెప్పింది చాలాసార్లు ఎక్కువే ఉంటుంది.

ఎన్నికల వింత వెనుక లెక్క

ఇప్పుడు 2024 మే నెలకు వద్దాం. విక్స్ చూసేది ముందున్న 30 రోజులను. మే మొదలయ్యాక జూన్ 4 ఆ కిటికీలోకి వచ్చేసింది. మిగతా రోజులు మామూలువే, కానీ ఆ ఒక్క రోజు మాత్రం కాదు. విక్స్ ఇలాంటి రోజును మిగతా రోజులతో కలిపేసి సగటు చూపిస్తుంది.

ఆ సగటును విడదీయవచ్చు. కలిపేటప్పుడు శాతాలను కాదు, వాటి వర్గాలను కూడాలి. మామూలు రోజులకు విక్స్ 14 సరిపోతుందనుకుందాం. ఇది నా ఊహ మాత్రమే. 24 ఉన్నప్పుడు నెలకు 24 వర్గాన్ని 12తో భాగిస్తే 48. పద్నాలుగు వర్గాన్ని 12తో భాగిస్తే 16.3. తేడా 31.7. దాని వర్గమూలం 5.6. అంటే ఎన్నికల తీర్పు ఒక్కదానికే అటో ఇటో సుమారు 5.6 శాతం కుదుపు ఉండవచ్చని ఆప్షన్లు ముందే ధర కట్టాయి. ఎగ్జిట్ పోల్స్ తరవాత జూన్ 3న నిఫ్టీ 3 శాతానికి పైగా పెరిగింది, ఫలితాల రోజు దాదాపు 6 శాతం పడింది. దిక్కు ఎటో ఆప్షన్లకు తెలియదు. ఎంత పెద్దదన్నది మాత్రం సుమారుగా అందులో ఉంది.

జూన్ 5న విక్స్ కూలిపోవడానికి కారణం కూడా ఇదే. ఫలితం తెలిసిపోయింది. ఆ ప్రత్యేకమైన రోజు కిటికీలోంచి బయటికి వెళ్లిపోయింది. ఇక ముందున్నవి మామూలు రోజులే కాబట్టి వాటికి అంత ప్రీమియం కట్టేవాళ్లు లేరు. బడ్జెట్, ఎన్నికలు వంటి తేదీ తెలిసిన సంఘటనల ముందు విక్స్ పెరిగితే దాన్ని గుడ్డి భయంగా చదవడం పొరపాటు. ఏ రోజు గాలి వీస్తుందో తెలిసినవాళ్లు ఆ రోజుకు బీమా కొంటున్నారని చదవాలి.

అంకె దారి తప్పిన ఉదయం

విక్స్ ఆప్షన్ ధరలతో తయారవుతుందంటే, ఆ ధరలు పాడైతే విక్స్ కూడా పాడవుతుంది. 2024 ఆగస్టు 5న అమెరికాలో జరిగింది ఇదే. అంతకు ముందు వారంలో జపాన్ వడ్డీ రేటు పెంపు, అమెరికా ఉద్యోగాల బలహీన గణాంకాలు మార్కెట్లను కలవరపెట్టాయి. సోమవారం జపాన్ నిక్కీ సూచీ 12 శాతం పైగా కూలింది. శుక్రవారం 23.39 వద్ద ముగిసిన అమెరికా విక్స్, న్యూయార్క్ మార్కెట్ తెరవకముందే 65.73ను తాకింది. 2020 మార్చి కోవిడ్ రోజుల తరవాత అంత ఎత్తు చూడటం అదే మొదటిసారి. కానీ ఆ రోజు ఎస్ అండ్ పీ 500 పడింది 3 శాతమే. విక్స్ సాయంత్రానికి 38.57 దగ్గర ముగిసింది.

ఉదయాన ఏం జరిగింది? తెల్లవారుజామున దూరపు పుట్‌లలో లావాదేవీలు చాలా తక్కువ. కంగారుపడ్డ డీలర్లు బిడ్‌ను పెద్దగా కదల్చకుండా ఆస్క్‌ను విపరీతంగా పెంచేశారు. ‘కావాలంటే ఇంతకు అమ్ముతాను’ అన్న మాట అది. ఆ ధరకు ఎవరూ కొనలేదు. కానీ విక్స్ లెక్క చూసేది రెండింటి నడిమి అంకెను. మన ఉదాహరణలో 21,000 పుట్‌కు బిడ్ 4, ఆస్క్ 8 అయితే నడిమి 6. ఆస్క్ ఒక్కటే 60కి ఎక్కితే నడిమి 32 అవుతుంది, ఒక్క ఆప్షన్ చేతులు మారకుండానే. 21,500, 22,000 పుట్‌ల నడిమి ధరలు కూడా ఇలాగే 44కు, 70కి చేరితే మన విక్స్ 15.9 నుంచి 16.7కు వెళుతుంది. ఇవి మూడు స్ట్రైకులే. ఎస్ అండ్ పీ ఆప్షన్లలో ఒక్కో ఎక్స్‌పైరీకి వందకు పైగా స్ట్రైకులుంటాయి, వాటిలో చాలావరకు దూరపు పుట్‌లే. అందుకే అంకె అంత ఎత్తుకు ఎగిరింది. అంతర్జాతీయ సెటిల్‌మెంట్స్ బ్యాంకు తరవాత చేసిన విశ్లేషణ కూడా ఈ బిడ్, ఆస్క్ వ్యత్యాసాన్నే ప్రధాన కారణంగా చూపింది.

ఇలాంటి దాన్ని పసిగట్టే మార్గం ఉంది. విక్స్ మీద ఫ్యూచర్స్ ట్రేడ్ అవుతాయి. అక్కడ నిజమైన సొమ్ము చేతులు మారుతుంది. ఆ ఉదయం విక్స్ 65 దాటినప్పుడు దగ్గరి నెల ఫ్యూచర్స్ దానికి చాలా దిగువనే ఉన్నాయి. విక్స్ ఆకాశంలో, ఫ్యూచర్స్ నేల దగ్గర ఉంటే ఆప్షన్ల కోట్‌లను అనుమానించాలి. మార్కెట్ తెరిచి, లావాదేవీలు ఊపందుకున్నాక వచ్చే అంకెనే నమ్మాలి. ఈ బలహీనత ఇండియా విక్స్ నియమాల్లో కొంతవరకు దృష్టిలో ఉంది. బిడ్, ఆస్క్ మధ్య తేడా నడిమి ధరలో 30 శాతం దాటితే, ఆ స్ట్రైక్ కోట్‌ను వదిలేసి, పక్క స్ట్రైకుల ధరలను నునుపైన గీతతో కలిపి ఆ చోటు పూరిస్తారు. షికాగో పద్ధతి బిడ్ లేని ఆప్షన్లను తీసేస్తుంది, వరుసగా రెండు స్ట్రైకులకు బిడ్ లేకపోతే అక్కడితో ఆగిపోతుంది. కానీ బిడ్ ఎంత చిన్నదైనా ఉంటే లెక్కలోకి వచ్చేస్తుంది.

కాబట్టి టీవీలో విక్స్ ఎగిసిందన్న వార్త వస్తే షేర్లు అమ్మాలా, కొనాలా అని చూడకండి. ఆ అంకెలో దానికి జవాబు లేదు. ముందు దాన్ని 16తో భాగించి, రోజుకు ఎంత కదలికకు ధర పలుకుతోందో చూడండి. రాబోయే 30 రోజుల్లో తేదీ తెలిసిన పెద్ద సంఘటన ఏదైనా ఉందో వెతకండి. ఉంటే పెరుగుదలలో ఎక్కువ భాగం దానిదే కావచ్చు. లేకపోతే, ఇప్పటిదాకా బీమా అవసరం లేదనుకున్నవాళ్లు ఎందుకు కొంటున్నారన్నదే మీరు తెలుసుకోవలసిన ప్రశ్న.